పచ్చ ట్యాగ్ చూసి పరంజా ఎక్కించకండి: శ్రీకాకుళంలో ఇల్లు కట్టుకునేవాళ్ళకు హెచ్చరిక

శ్రీకాకుళం చుట్టుపక్కల ఇల్లు కట్టుకుంటూ, బయటి ప్లాస్టరింగుకో రంగులకో పైపుల పరంజా అద్దెకు తీసుకోబోతున్నవాళ్ళు దయచేసి ఇది పూర్తిగా చదవండి. మా ఇంటి దగ్గర ఇద్దరు కుర్రాళ్ళు క్షేమంగా కిందికి దిగారు. అది పరంజా గొప్పతనం కాదు, మా తాపీ మేస్త్రి చూపు.

మాది అరసవల్లి వైపు. కింద ఒక అంతస్తు, పైన ఒకటి, ఆపైన పిట్టగోడ. తూర్పు గోడ పొడవు 10 మీటర్లు, ఎత్తు 8 మీటర్లు. సరుగుడు కర్రల కంటే ఇనుప పైపులైతే భద్రమని, ఊళ్ళోనే ఒక అద్దె దుకాణంతో మాట్లాడుకున్నాను. కాళ్ళ కింద బేస్ ప్లేట్లు, ఏటవాలు పైపుల క్రాస్ బ్రేసింగ్, పరంజాను గోడకు పట్టి ఉంచే టైలు, తనిఖీ చేసి ట్యాగ్ కట్టి అప్పగించడం అన్నీ కొటేషన్‌లో రాశారు. తనిఖీకి విడిగా డబ్బులు కూడా వేశారు. సగం అడ్వాన్సు ఇచ్చాను. మర్నాడు సాయంత్రం స్కూలు నుంచి వచ్చేసరికి పరంజా నిలబడి ఉంది, చుట్టూ పచ్చ నెట్ కట్టేశారు, నిచ్చెన దగ్గర లామినేషన్ చేసిన పచ్చ ట్యాగ్ వేలాడుతోంది. నేను ట్యాగ్ చూసి ఊరుకున్నాను. నెట్ ఎత్తి పైపుల కాళ్ళు చూడలేదు.

మూడో రోజు రాత్రి గట్టి వాన పడింది. పొద్దున్న ఇద్దరు కుర్రాళ్ళు అప్పటికే మూడో వరుస చెక్కల మీదికి ఎక్కేశారు. మేస్త్రి కింద నిలబడి పైకి చూస్తూ, "మాస్టారూ, ఓసారి ఇలగ రండి" అని పిలిచాడు. ముందు రోజు గోడకీ చెక్కకీ మధ్య నాలుగు వేళ్ళ సందు ఉండేది. ఆ పొద్దున్న ఒక చివర అది దాదాపు జానెడు అయింది. అడ్డ పైపు కూడా ఆ చివరికి వాలి ఉంది. ఆయన అరవలేదు, కంగారు పెట్టలేదు. సామాను అక్కడే వదిలేసి, ఒకరి తర్వాత ఒకరు గోడ వైపు నుంచి నెమ్మదిగా దిగమన్నాడు.

వాళ్ళు దిగాక నెట్ ఎత్తి చూశాం. మొత్తం 12 నిలువు పైపులు. బేస్ ప్లేట్లు ఉన్నవి నాలుగింటికే. ఆరు పైపులు ఇటుక ముక్కల మీద ఉన్నాయి, రెండు నేరుగా మట్టిలో. బయటి వరుస మొత్తం సెప్టిక్ ట్యాంకు పైపు కోసం తవ్వి, కొత్తగా పూడ్చిన కాలువ మీద పడింది. వానకు ఆ మట్టి దిగింది, దానితోపాటు చివరి పైపులూ దిగాయి. కొలిస్తే 2 సెంటీమీటర్లే. "ఇంతేనా" అనిపించింది నాకు. కానీ పరంజా వెడల్పు ఒక మీటరు. బయటి కాలు 2 సెంటీమీటర్లు దిగితే, 6 మీటర్ల ఎత్తులో పరంజా 12 సెంటీమీటర్లు బయటికి వంగుతుంది. జానెడు సందు అక్కడి నుంచి వచ్చిందే.

బేస్ ప్లేటు ఎందుకో అప్పుడు అర్థమైంది. పైపు చివర నేలకు ఆనేది సన్నటి ఉంగరం లాంటి అంచు మాత్రమే, మందం పైపులో కూడా 6 చదరపు సెంటీమీటర్లకు మించదు. పైపుల బరువు, మనుషులు, మాలు కలిపి ఒక్కో కాలు మీదికి 300, 400 కిలోలు సులువుగా వస్తాయి. 15 సెంటీమీటర్ల చదరపు ప్లేటు వేస్తే ఆ బరువు 225 చదరపు సెంటీమీటర్లకు పరుచుకుంటుంది. పూడ్చిన మట్టికి అదీ చాలదు. ప్లేటు కింద 60 సెంటీమీటర్ల పొడవు, 22 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న మందపాటి చెక్క వేస్తే 1,300 దాటుతుంది. ఇటుక ముక్క ఆ పని చేయదు, బరువుకు నడిమికి చిట్లుతుంది. మా దగ్గర రెండు అప్పటికే చిట్లి ఉన్నాయి.

ఇక టైలు. కాళ్ళు దిగినా, గోడకు గట్టిగా కట్టి ఉంటే పరంజా అంత వంగేది కాదు. మాకు కట్టింది బైండింగు వైరు, అదీ కిటికీ గ్రిల్‌కి. ఆ గ్రిల్‌కే ఇంకా సిమెంటు పెట్టలేదు! వెడల్పుకు నాలుగు రెట్ల ఎత్తు దాటిన పరంజాను టైలు లేకుండా నిలబెట్టకూడదని, సివిల్ ఇంజినీరుగా చేసే మా బావమరిది చెప్పాడు. అంటే మాది 4 మీటర్ల దగ్గరే కట్టాల్సింది. నెట్ కట్టారంటే ఇంకా ముఖ్యం, ఎందుకంటే గాలికి నెట్ తెరచాపలా లాగుతుంది. 2018లో తిత్లీ చూసినవాళ్ళం, మన గాలి సంగతి మనకు వేరే చెప్పాలా? నెట్ ఉన్నప్పుడు సుమారు 25 చదరపు మీటర్లకు ఒక టై లెక్క వేసుకోమన్నాడు. మా గోడ 80 చదరపు మీటర్లు, కాబట్టి కనీసం నాలుగు. స్లాబు అంచులోనో కాలమ్‌లోనో యాంకర్ బోల్టు వేసి పైపుతో బిగించాలి, లేదా కిటికీ లోంచి పైపు దూర్చి లోపల అడ్డ పైపుతో క్లాంపు వేయాలి.

బ్రేసింగు కూడా పేరుకే. మాలు బండికి దారి కోసం నిలువు పైపుల మధ్య కింది గడిలోని ఏటవాలు పైపు వాళ్ళే విప్పేశారు. అది నేల దగ్గర నుంచే మొదలవ్వాలి.

దుకాణానికి ఫోన్ చేసి, దీని మీద ఎంత బరువు పెట్టొచ్చని అడిగాను. "ఎంతైనా మోస్తుందండీ" అన్నాడు. ట్యాగ్ మీద "సేఫ్" అన్న మాట తప్ప, ఎంత బరువు మోస్తుందో చెప్పే లోడ్ క్లాస్ లేదు, తేదీ లేదు, చూసినవారి సంతకం లేదు. యూరప్ ప్రమాణం ప్రకారం క్లాస్ 2 అంటే చదరపు మీటరుకు సుమారు 150 కిలోలు, క్లాస్ 3 అంటే 200. మా ఒక్కో గడి 2 మీటర్ల పొడవు, మీటరు వెడల్పు. క్లాస్ 2 అయితే గడికి 300 కిలోలే. ఇద్దరు మనుషులు 140, పది గమేళాల మాలు 180 అనుకుంటే అప్పుడే 320. ఆ అంకె తెలియకుండా మేస్త్రి ఎన్ని గమేళాలు పైకి పంపాలో ఎలా నిర్ణయిస్తాడు?

మిగతా సగం నేను ఇవ్వలేదు. చాలా గొడవ పడ్డాక వేరే మనుషులను పంపి, అన్నీ విప్పి మళ్ళీ కట్టారు. చెక్కలు, ప్లేట్లు, నాలుగు టైలు, కింది నుంచి బ్రేసింగు పడ్డాయి. ఈసారి నెట్ కట్టకముందే ఒక్కో కాలూ చూశాను, ఒక్కో క్లాంపూ స్పానరుతో బిగించి చూపించమన్నాను. ట్యాగ్ మీద తేదీ, బరువు, సంతకం రాయించాను. అది ఎక్కువలో ఎక్కువ ఏడు రోజులకే. గట్టి వాన పడినా, పెద్ద గాలి వీచినా, ఎవరైనా ఒక్క పైపు విప్పినా అది చెల్లదు. అప్పుడు మేమే ట్యాగ్ తీసేసి, మళ్ళీ తనిఖీ అయ్యేదాకా నిచ్చెన పక్కన పెట్టేస్తున్నాం. రోజూ ఎక్కేముందు మేస్త్రి చుట్టూ తిరిగి కాళ్ళు, టైలు, గోడ సందు చూస్తాడు. ఐదు నిమిషాల పని.

మొన్న ఆదివారం టౌన్లో కడుతున్న ఒక కళ్యాణ మండపం దగ్గర అచ్చం అలాంటి పచ్చ ట్యాగే చూశాను, తేదీ లేదు, సంతకం లేదు. నెట్ కొంచెం ఎత్తి చూస్తే కింద ఇటుక ముక్కలే. ఓనరు లేరు, వాచ్‌మన్‌కి చూపించి చెప్పి వచ్చాను. మీలో ఎవరికైనా ఆ ఓనరు తెలిస్తే, రేపు పనివాళ్ళు ఎక్కకముందే ఆయనకు ఫోన్ చేయండి.