తంతుకు అర్థం ఉందా, నియమం మాత్రమే ఉందా: ఏ వివరణ మేలు?

1975 ఏప్రిల్‌లో కేరళలోని పాంజాళ్ గ్రామంలో నంబూద్రి బ్రాహ్మణులు పన్నెండు రోజుల పాటు అతిరాత్ర అగ్నిచయనం అనే వైదిక క్రతువు జరిపారు. వెయ్యికి పైగా ఇటుకలను ఐదు పొరలుగా, రెక్కలు చాచిన పక్షి ఆకారంలో పేర్చి, వాటిని మంత్రాలతో సంస్కరించి, క్రతువు ముగిశాక యాగశాలకు నిప్పు పెట్టారు. దగ్గరుండి దీనిని నమోదు చేయించిన డచ్ పండితుడు ఫ్రిట్స్ స్టాల్ నాలుగేళ్ల తరువాత ఒక వ్యాసంలో, తంతు దేనినీ సూచించదని, అది నియమాలకు లోబడిన చర్య మాత్రమేనని, దానికి అర్థం గానీ లక్ష్యం గానీ లేదని వాదించాడు. ప్రతీకలను, వాటి వ్యాఖ్యానాన్ని నమ్ముకున్న మానవశాస్త్రజ్ఞులకు ఇది నేరుగా విసిరిన సవాలు. ఈ రెండు దృష్టులలో ఏది ఏ పనికి సరిపోతుందన్నదే ఇక్కడి ప్రశ్న.

స్టాల్ వాదనను తేలికగా కొట్టిపారేయలేం. ఎందుకు చేస్తున్నారని అడిగితే, పూర్వీకులు చేశారు కాబట్టి, మాకు అధికారం ఉంది కాబట్టి, సమాజానికి మంచిది కాబట్టి, కర్తవ్యం కాబట్టి అని ఋత్విజులు చెప్పారు. ఈ జవాబులలో ఏదీ ఫలానా ఇటుక ఫలానా చోటనే ఎందుకు ఉండాలో చెప్పదు. చేసేవారి ధ్యాసంతా ఏ మంత్రం ముందు, ఏది తరువాత, చేయి ఎటు తిప్పాలి అన్న వాటి మీదే ఉంటుంది. పొరపాటు జరిగితే దాని భావం ఏమిటని ఎవరూ చర్చించరు. విధించిన ప్రాయశ్చిత్తం చేసి ముందుకు సాగుతారు. అంటే తప్పును దిద్దేది కూడా మరో నియమమే.

ఇక నిర్మాణం సంగతి. అమావాస్య, పౌర్ణమి రోజులలో చేసే దర్శపూర్ణమాస ఇష్టి అనే చిన్న యాగాన్ని ప్రకృతిగా, అంటే మూల నమూనాగా తీసుకుని, ఇతర ఇష్టులను దాని వికృతులుగా, అంటే మార్చిన రూపాలుగా, వైదిక క్రతువుల విధులు చెప్పే శ్రౌతసూత్రాలు వివరిస్తాయి. అలాంటి ఇష్టులు పశుయాగంలోనూ, పశుయాగం సోమయాగంలోనూ ఇమిడిపోతాయి. వాక్యంలో ఉపవాక్యం ఇమిడినట్లున్న ఈ అమరికను స్టాల్ వ్యాకరణ సూత్రాల మాదిరిగా రాసి చూపాడు. సామగానంలో ‘హావు’ వంటి స్తోభాక్షరాలకు నిఘంటువులో అర్థం లేదు, అయినా గానంలో వాటి స్థానాన్ని కదపడానికి వీల్లేదు. తన వాదానికి పాత తోడు కూడా అతనికి దొరికింది: మంత్రాలకు అర్థం లేదన్న కౌత్సుని వాదాన్ని యాస్కుడు వేదపదాలను వివరించే తన నిరుక్తంలో ఉటంకించాడు. గుడ్డివాడు స్తంభాన్ని చూడకపోతే అది స్తంభం తప్పు కాదని అక్కడే యాస్కుడు బదులిచ్చాడన్నది వేరే విషయం. పైగా కౌత్సుడు అన్నది మంత్రాల గురించి; దానిని క్రతువంతటికీ చాచింది స్టాలే.

అర్థం ఉందనేవారిలో మొదట చెప్పవలసిన పేరు మానవశాస్త్రజ్ఞుడు విక్టర్ టర్నర్. నేటి జాంబియా వాయవ్య ప్రాంతంలోని న్‌డెంబు ప్రజలలో, ఈడేరిన బాలికను కంబళిలో చుట్టి ఒక చెట్టు మొదట్లో కదలకుండా పడుకోబెడతారు. చుట్టూ స్త్రీలు ఆడుతూ పాడుతూ ఉంటారు. గాటు పెడితే పాల వంటి తెల్లని జిగురు కారే, ‘ముడ్యి’ అనే చెట్టు అది. ఆ చెట్టు తల్లిపాలు, తల్లీబిడ్డల బంధం, మాతృవంశం, తమ ఐక్యత అని స్త్రీలు చెబుతారు. అయితే బాలిక తల్లికి ఆ ఆటలో చోటు లేకపోవడం టర్నర్ గమనించాడు. కూతురు తన నుండి విడిపోతున్న ఘట్టం అది. ఐక్యత అని నోరు చెబుతుంటే, తంతు విభేదాన్ని కూడా చూపుతోంది. అందుకే జనం చెప్పే అర్థం, వాడుకలో కనిపించే అర్థం, ఇతర ప్రతీకలతో పోల్చినప్పుడు తేలే అర్థం అని అతను మూడు స్థాయిలను విడదీశాడు. చేసేవారు వివరణ ఇవ్వలేకపోయినంత మాత్రాన అర్థం లేనట్లు కాదన్నది ఇక్కడి సమాధానం. దీనికి ఒక ప్రమాదం కూడా ఉంది. చెప్పినదీ అర్థమే, చెప్పనిదీ అర్థమే, చెప్పినదానికి విరుద్ధమైనదీ అర్థమే అయితే, వ్యాఖ్యాత తప్పు పట్టుబడేది ఎక్కడ? ఈ విషయంలో స్టాల్ అనుమానం నాకు సబబుగానే తోస్తుంది.

నా దృష్టిలో అంతకంటే గట్టి ఆక్షేపణ మరో మానవశాస్త్రజ్ఞుడు క్లిఫర్డ్ గీర్ట్జ్ 1957లో వివరించిన జావా అంత్యక్రియ. చిన్న పట్టణంలో ఒక బాలుడు హఠాత్తుగా చనిపోయాడు. శవానికి స్నానం, ప్రార్థన, ఖననం ఏ వరుసలో జరగాలో అక్కడ అందరికీ తెలుసు. కానీ బాలుడు ఉంటున్న బంధువు ఇల్లు ఇస్లాంను వ్యతిరేకించే ఒక రాజకీయ పక్షానిది. తలుపు మీద ఆ పక్షం గుర్తున్న కాగితాన్ని చూసిన మతాధికారి, మోదిన్, ఆ ‘వేరే మతపు’ విధులు తనకు తెలియవని తప్పుకున్నాడు. బంధువులు, ఇరుగుపొరుగు ఏం చేయాలో తోచక నిలబడిపోయారు. ఆచారం ప్రకారం వెంటనే జరగవలసిన పని నలిగి నలిగి ఆలస్యమైంది. నియమాలలో ఏదీ మాయం కాలేదు, అయినా తంతు ఆగిపోయింది.

స్టాల్ పక్షాన ఒక జవాబు ఊహించవచ్చు: ఎవరికి అంత్యక్రియ చేయవచ్చన్న అధికారం కూడా నియమమే, మోదిన్ దానినే పాటించాడు. ఆ మాట నిజమే కానీ, ఆ నియమాన్ని వర్తింపజేయాలంటే అతను ముందు తలుపు మీది కాగితాన్ని చదివి, అది ఏ పక్షానికి ఏ సంబంధాన్ని తెలుపుతుందో నిర్ణయించుకోవాలి. ఇటుకల వరుసను అర్థంతో పని లేకుండా పాటించవచ్చునేమో కానీ, అధికార నియమం అర్థాన్ని చదవకుండా అడుగు కూడా వేయలేదు. స్టాల్ పరీక్షించిన క్రతువులో కర్త ఎవరన్నది మొదలవకముందే తేలిపోయింది, కాబట్టి ఈ చిక్కు అతని కంట పడలేదని నా అనుమానం.

రెండింటినీ ఒకేచోట తూచగల సంఘటన పాంజాళ్‌లోనే ఉంది. మేకలను బలి ఇవ్వడంపై నిరసన వచ్చింది. చివరకు వాటికి బదులు అరటాకులో చుట్టిన బియ్యప్పిండి పొట్లాలను వాడారు. స్టాల్ పక్షం నుండి చూస్తే ఇది గొప్ప సాక్ష్యం. మేక ఉన్న చోట పొట్లం కూర్చుంది, క్రతువు యథాప్రకారం సాగింది; స్థానమే ముఖ్యం, అందులోని వస్తువు కాదు. అయితే అన్ని స్థానాలలో ఆ ఒక్కదాన్నే ఎందుకు మార్చవలసి వచ్చింది? ఇటుకల సంఖ్యపై ఎవరూ ఆందోళన చేయలేదు. ప్రాణం తీయడం చూసేవారికి ఏదో చెబుతుంది కాబట్టే ఒత్తిడి సరిగ్గా అక్కడ పడింది. ఎక్కడ మారాలో నిర్ణయించింది అర్థం, ఎలా మారాలో నిర్ణయించింది నియమం.

కాబట్టి తరతరాలుగా ఒక తంతు చెక్కుచెదరకుండా ఎలా అందుతుందో తెలుసుకోదలచిన పరిశోధకునికి స్టాల్ పద్ధతినే ముందుగా చేపట్టమంటాను. ముందే ప్రతీకల వేటకు దిగితే పునరావృతి, ఒకదానిలో ఒకటి ఇమడడం వంటివి చేజారిపోతాయి. తంతు ఎందుకు నిలిచిపోయింది, ఎవరు దూరమయ్యారు, ఏ భాగం మీద గొడవ వచ్చింది అన్నవి ప్రశ్నలైతే గీర్ట్జ్ మార్గం మేలు. అర్థం లేదన్న మాటను సార్వత్రిక సూత్రంగా మాత్రం నేను ఒప్పుకోలేను, ఎందుకంటే అధికారమూ వివాదమూ ముందే పరిష్కారమైపోయిన ఒక అరుదైన, అతి కట్టుదిట్టమైన శ్రౌతకర్మను చూసి అది పుట్టింది.