పెళ్లి లైవ్ మాట్లాడుకునేవాళ్లు జాగ్రత్త: "రెండు నెట్లు" అన్నాడు, రెండూ ఒకే కంపెనీవి

మా చెల్లి పెళ్లి అయి మూడు రోజులైంది, ఇంకా కోపం తగ్గలేదు. రాజమండ్రి వైపు ఈమధ్య పెళ్లి చేసినవాళ్లకి నేను ఏ లైవ్ ఆపరేటర్ గురించి చెబుతున్నానో తెలిసిపోతుంది, పేరు రాయను. ఫొటోలు, వీడియో, యూట్యూబ్ లైవ్ అన్నీ కలిపి మాట్లాడుకున్నాం. లైవ్‌కే విడిగా 15 వేలు. వీసా స్టాంపింగ్ సమస్య వల్ల అన్నయ్య న్యూజెర్సీ నుంచి రాలేకపోయాడు. ఆ లైవ్ పెట్టించింది వాడి కోసమే.

ముహూర్తం ఉదయం 10:42. అక్కడ అర్ధరాత్రి దాటి 1:12. అన్నయ్య, వదిన, పిల్లలు పట్టుబట్టలు కట్టుకుని టీవీ ముందు కూర్చున్నారు. అడ్డుతెర పట్టారు, మంగళవాద్యాలు మొదలయ్యాయి. సరిగ్గా అప్పుడే అక్కడ బొమ్మ ఆగిపోయింది. చెల్లెలు జీలకర్ర బెల్లం పెట్టడం వాడు చూడలేదు, తాళి కట్టడం చూడలేదు. టీవీ మీద ఆ తెల్లటి అడ్డుతెర ఒక్కటే నిలబడిపోయిందట.

నేను పరిగెత్తి లైవ్ అబ్బాయి దగ్గరికి వెళ్లాను. అతను తల ఎత్తకుండా అన్న మాట ఇది: "హాల్లో సిగ్నల్ లేకపోతే నన్నేం చేయమంటారు మేడమ్, రికార్డింగ్ ఉంది కదా, తర్వాత చూసుకోమనండి." తోడబుట్టిన దాని పెళ్లి తర్వాత చూసుకోవాలా? ఆ మాట ఇప్పటికీ చెవుల్లోనే ఉంది.

అసలు ఏం జరిగిందో తర్వాత కూర్చుని తెలుసుకున్నాను. ముందు రోజు మధ్యాహ్నం ట్రయల్ చేశాం, నేనూ పక్కనే ఉన్నాను, అప్‌లోడ్ 20 ఎంబీపీఎస్ వచ్చింది. 720పి లైవ్‌కి 4 చాలు కాబట్టి ధైర్యంగా ఉన్నాం. కానీ అప్పుడు హాల్లో మేం ఆరుగురమే. ముహూర్తానికి ఆరు వందల మంది ఉన్నారు, అందరూ అదే నిమిషంలో ఫోన్లు పైకెత్తి వీడియోలు తీసి వాట్సాప్‌లో పంపుతున్నారు. ఆ టవర్ మీద ఇతని డాంగిల్‌కి మిగిలింది ఒక ఎంబీపీఎస్ కూడా లేదు. రెండో డాంగిల్ పెట్టాడు. అదీ అదే కంపెనీ, అదే టవర్! రెండు సిమ్‌లు ఉన్నంత మాత్రాన రెండు నెట్లు కావు. ఈ ఒక్క ప్రశ్న నేను ముందే అడగాల్సింది. అడగలేదు, అది నా తప్పే.

చివరికి మా బాబాయి ఫోన్‌లో వేరే కంపెనీ నెట్ ఉంటే హాట్‌స్పాట్ ఇచ్చాడు, వెంటనే వచ్చింది. కానీ అప్పటికే పాత లింక్ ముగిసిపోయింది. యూట్యూబ్ లైవ్ సెట్టింగుల్లో Enable Auto-stop అని ఒకటి ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే, వీడియో అందడం ఆగిన కాసేపటికి ప్రసారం అయిపోయిందనుకుని దానంతట అదే ముగించేస్తుంది. ఇతను దాన్ని ఆఫ్ చేయలేదు. కొత్త లింక్ తయారు చేయాలంటే చానల్ లాగిన్ అతని లాప్‌టాప్ ఒక్కదాంట్లోనే ఉంది, అదేమో సరిగ్గా అప్పుడే హ్యాంగ్ అయింది. కొత్త లింక్ గ్రూపులో పడేసరికి 11:10, తలంబ్రాలు అవుతున్నాయి. అన్నయ్య ఇంకా పాత లింకే రిఫ్రెష్ చేస్తున్నాడు.

మీ ఇంట్లో ఇలా జరగకూడదని రాస్తున్నాను. ఖాళీ హాల్లో చేసిన ట్రయల్‌ని నమ్మకండి. అదే హాల్లో ముందు వారం వేరేవాళ్ల పెళ్లి ఉంటే, హాల్ మేనేజర్‌ని అడిగి ముహూర్తం వేళకి వెళ్లి, మండపం పక్కన ఒక్కో కంపెనీ ఫోన్‌తో అప్‌లోడ్ ఎంతుందో చూసుకోండి. హాల్ ఆఫీసులో ఫైబర్ ఉంటే మండపం దాకా లాన్ వైరు లాగించండి, వేరే కంపెనీ సిమ్‌ని రెండో నెట్‌గా ఉంచండి. కరెంటు పోయి జనరేటర్ అందుకునే లోపు రౌటర్ ఆఫ్ అయితే మళ్లీ లేవడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది, దానికి చిన్న యూపీఎస్ కావాలి.

రెండో లాప్‌టాప్‌లో అదే స్ట్రీమ్ కీ వేసి సిద్ధంగా ఉంచమనండి. మొదటిది ఆపి దీన్ని మొదలుపెడితే, Auto-stop ఆఫ్‌లో ఉన్నంతవరకు చూసేవాళ్ల లింక్ మారదు. జూమ్ అయితే రెండో నెట్ మీద ఉన్న ఇంకో లాప్‌టాప్‌ని మొదటినుంచే కో-హోస్ట్‌గా పెట్టండి, హోస్ట్ పడిపోయినా మీటింగ్ దాని చేతికి వస్తుంది.

ట్రయల్‌లో మొదటి నెట్ వైరు మీరే పీకేయండి. ఊరు బయట ఉన్న బంధువుకి ఫోన్ చేసి, బొమ్మ ఎన్ని సెకన్లకి తిరిగొచ్చిందో అడగండి. ఆపరేటర్ తన తెర చూపించి "వస్తోంది మేడమ్" అంటే ఒప్పుకోవద్దు.

రెండు వేర్వేరు కంపెనీల నెట్లు, రెండు లాప్‌టాప్‌లు అని వాట్సాప్‌లో రాయించుకుని, సగం డబ్బు అప్పగింతలయ్యాకే ఇవ్వండి. నేను మొత్తం ముందే ఇచ్చేశాను. ఇప్పుడు అతను ఫోన్ ఎత్తడం లేదు.