స్క్రీన్‌షాటా, ఇంకో ఫోన్‌తో ఫొటోనా?

అనంతపురం ఎండలో నాయనకు ఫోన్‌లో అక్షరాలు కనపడటం లేదు. బ్రైట్‌నెస్ 30 శాతంలో ఒకటి, 100లో ఒకటి స్క్రీన్‌షాట్ తీసి చూపిస్తే, "రెండూ ఒకటే కదరా" అన్నాడు. నిజమే. స్క్రీన్‌షాట్‌లోకి వచ్చేది ఫోన్ గీసిన రంగులే, తెర వెలుగు కాదు. నైట్ లైట్ పసుపు కూడా మామూలుగా అందులో పడదు. డార్క్ మోడ్ మాత్రం పడుతుంది, అది గీసే రంగునే మారుస్తుంది కాబట్టి.

వెలుగు పోల్చాలంటే ఇంకో ఫోన్‌తో ఫొటోనే మేలు. కెమెరాలో తెరపై వేలు నొక్కిపట్టి ఎక్స్‌పోజర్ లాక్ చేయాలి, లేకుంటే అదే సర్దేసి రెండింటినీ ఒకేలా చూపిస్తుంది. అలా తీశాక తేలింది: డార్క్ మోడ్‌లో అక్షరాల కంటే నాయన ముఖమే బాగా కనిపిస్తోంది, అద్దంలో లాగా! తెల్ల తెర, నల్ల అక్షరాలు, 100 శాతం పెట్టేశాం.