స్ట్రాడివేరియస్ లేబుల్ ఉన్న పాత జర్మన్ వయొలిన్: కొన్నేళ్ళు వాడాక నా అభిప్రాయం

చెన్నైలో పాత వయొలిన్ కోసం విచారిస్తే ఎక్కడో ఒకచోట "ఒరిజినల్ స్ట్రాడివేరియస్ సార్" అన్న మాట తప్పకుండా వినిపిస్తుంది. మా అమ్మాయి వాయిస్తున్నది అలాంటి లేబుల్ ఉన్న వయొలినే. జంట వరుసల్లో ఉండగా కొన్నాం, ఇప్పుడు కృతులు వాయిస్తోంది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఇది ఇటలీలో పేరుమోసిన వయొలిన్ పనివాడు స్ట్రాడివారి చేసిన స్ట్రాడివేరియస్ కాదు. అయినా మేం పెట్టిన డబ్బుకి నేర్చుకునే పిల్లకి చాలా మంచి వాద్యం.

మైలాపూరులో ఒక పెద్దాయన ఇంట్లో ఉండేది. వాళ్ళు 45,000 అడిగారు. ఎఫ్ ఆకారపు రంధ్రంలోంచి చూస్తే లోపల పసుపు రంగుకి తిరిగిన కాగితం. దాని మీద "అంటోనియస్ స్ట్రాడివేరియస్ క్రెమొనెన్సిస్ ఫాసియేబాట్ అన్నో 17" అని అచ్చు, ఆ 17 పక్కన ఖాళీ. క్రెమోనా ఊరి స్ట్రాడివారి ఫలానా ఏడాది చేశాడని దాని అర్థం. ఆయన 1737లోనే పోయాడు. తర్వాత వందేళ్ళకి పైగా జర్మనీ, ఫ్రాన్స్, బొహీమియాల్లో ఆయన నమూనాలో చేసిన ఫ్యాక్టరీ, కుటీర వయొలిన్లలో ఇదే కాగితం లక్షల్లో అంటించారు. అప్పట్లో అది మోసం కింద లెక్క కాదు, ఏ నమూనాలో చేశారో చెప్పడమే. ఇప్పుడు అమ్మేటప్పుడు ఆ తేడా ఎవరూ చెప్పరు.

ఫోన్ టార్చి పక్కనుంచి వేసి కాగితం కింది అంచు చూశాను. చీమ తలకాయంత అక్షరాల్లో "మేడ్ ఇన్ జర్మనీ" అని ఉంది. లేబుల్లో పనికొచ్చే భాగం ఇదే. దిగుమతి సరుకు మీద దేశం పేరు వేయాలని బ్రిటన్‌లో 1887లో, అమెరికాలో 1890లో చట్టాలు వచ్చాయి. కాబట్టి దేశం పేరు అచ్చయి ఉన్న కాగితం అంతకు ముందుది అయ్యే అవకాశం దాదాపు లేదు. "వెస్ట్ జర్మనీ" అని ఉంటే 1949 తర్వాతది. "చెకోస్లోవేకియా" అని ఉంటే 1918 తర్వాతది. అంతకంటే సన్నంగా లెక్క కట్టడానికి కాగితం చాలదు, ఎందుకంటే కాగితం ఎవరైనా మార్చి అంటించొచ్చు. కొన్నిటిలో ఇక్కడి దుకాణం పేరు కూడా ఉంటుంది. మౌంట్ రోడ్డు మీద ఇప్పటి మ్యూసీ మ్యూజికల్‌కి పూర్వరూపమైన మిస్క్విత్ కంపెనీ లాంటి పేరు కనిపిస్తే అది అమ్మినవాళ్ళ పేరనే అనుకోవాలి, చేసినవాళ్ళ పేరని కాదు.

కాగితం అబద్ధం చెప్పినా చెక్క చెప్పదు. అందుకే తర్వాత కట్టుబడి చూశాను. మొదట స్క్రోల్, అంటే మెడ చివర చుట్టలా చెక్కిన తల. దాని వెనక నుంచి రెండు కాలువలు చెక్కి ఉంటాయి. అవి చుట్టు తిరిగి ముందువైపు కిందికి వచ్చి లోపలి అంచు దాకా సాగాలి. మా వయొలిన్లో ఆ కాలువలు అంచుకి కాస్త ముందే టక్కున ఆగిపోయాయి. జర్మనీలోని మార్క్‌న్యూకిర్ఖెన్, దానికి ఆనుకుని చెక్ వైపున్న షోన్‌బాఖ్ ప్రాంతాల్లో చేసిన వయొలిన్లలో తరచుగా కనిపించే అలవాటు ఇది. అక్కడ ఒక ఇంట్లో స్క్రోల్, ఇంకో ఇంట్లో పలకలు చేసేవారు. అన్నీ వ్యాపారి దగ్గరికి చేరి వయొలిన్ అయ్యేది. తీగల కింది కొసల్ని పట్టుకునే టెయిల్‌పీస్ తగిలించే గుండీ దగ్గర కింది పక్క చెక్క అతుకు లేకుండా ఒకే ముక్కగా ఉండటం కూడా ఆ ప్రాంతపు గుర్తుల్లో ఒకటి. అలా చేసినవాళ్ళు వేరే చోట్ల కూడా ఉన్నారు కాబట్టి దానొక్కదాన్నే నమ్మి తేల్చకూడదు. మాదానిలో స్క్రోల్, పక్క చెక్క, కాగితం మూడూ ఒకే వైపు చూపిస్తున్నాయి కాబట్టి ఇది మార్క్‌న్యూకిర్ఖెన్ వైపుదని అనుకున్నాను. అందులో ఏ ఒక్క పనివాడి పేరూ దొరకదు. ఇలాంటి వయొలిన్‌కి "చేసినవారు" అంటే ఒక ఊరు మాత్రమే.

ఊరు తెలిస్తే సగం పనే అయినట్టు. ఆ ఊళ్ళోనే చాలా చవకవీ చేశారు, బాగా చేసినవీ ఉన్నాయి, అన్నిటిలోనూ అదే కాగితం. ఏ తరగతిదో తేల్చడానికి లోపల చూడాలి. పళ్ళ డాక్టర్లు వాడే చిన్న అద్దం ఎఫ్ రంధ్రంలోంచి జాగ్రత్తగా దూర్చి, టార్చి వేసి చూశాను. పై పలక లోపల, మంద్ర తీగ వైపు, పొడుగ్గా ఒక పట్టీ ఉంటుంది. దాన్ని బేస్ బార్ అంటారు. చవక రకాల్లో దాన్ని వేరుగా చేసి అంటించకుండా, పలక చెక్కేటప్పుడే అక్కడ గట్టులా వదిలేసేవారు. అలాంటి చోట పట్టీకీ పలకకీ మధ్య గీత కనబడదు, చుట్టూ ఉలి దెబ్బలు కనబడతాయి. మాదానిలో పట్టీ వేరుగా చేసి అంటించినట్టు సన్నని గీత స్పష్టంగా ఉంది. మూలల్లో మాత్రం నిజమైన దిమ్మలు లేవు, దిమ్మలున్నట్టు కనబడేలా పలుచని ముక్కలు అడ్డం పెట్టారు.

పైన, పలక అంచు వెంబడి నడిచే నలుపు, తెలుపు, నలుపు గీతలు చూశాను. పర్ఫ్లింగ్ అంటారు. అసలైతే కాలువ తవ్వి సన్నని చెక్క పట్టీలు దించుతారు, చవక రకాల్లో సిరాతో గీసేస్తారు. కమాను తగిలి అంచు అరిగిపోయిన చోట చూస్తే తెలిసిపోతుంది. మాదానిలో అరిగిన చోట కూడా గీతలు చెక్కలోపలికి దిగి ఉన్నాయి. వెనక పలక మీద పులిచారల్లాంటి మెరుపు కూడా నిజమైనదే. వయొలిన్‌ని దీపం కింద అటూ ఇటూ వంచితే చారలు కదులుతున్నట్టుంటాయి, వెలుగున్నవి నీడకి, నీడవి వెలుగుకి మారతాయి. రంగుతో గీసిన చారలు ఎలా తిప్పినా ఉన్నచోటే ఉంటాయి.

ఇన్నీ కలిపి చూస్తే, రెండు ప్రపంచ యుద్ధాల మధ్య కాలపు మధ్యరకం జర్మన్ వ్యాపార వయొలిన్ అని నాకు నమ్మకం కుదిరింది. సేకరణకి పనికిరాదు, వాయించుకోవడానికి పనికొస్తుంది. ఇక ధర తేల్చేది దాని ఆరోగ్యమే.

ఇక్కడే అసలు సంగతి బయటపడింది. తీగలు ఫింగర్ బోర్డుకి చక్కగా దగ్గరగా ఉన్నాయి, నొక్కితే హాయిగా ఉంది. కానీ పలక మీద తీగల్ని మోసే బ్రిడ్జి చూస్తే మరీ పొట్టిగా ఉంది. మామూలుగా 33 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉండాల్సింది, ఇది 29 కూడా లేదు. ఫింగర్ బోర్డు మీద స్కేలు ఆనించి బ్రిడ్జి దాకా సాగదీస్తే, స్కేలు పలక నుంచి 27 మిల్లీమీటర్ల ఎత్తున బ్రిడ్జిని తాకాలి. అది 24 దగ్గరే తాకింది. అంటే ఏళ్ళ తరబడి తీగల బరువుకి మెడ ముందుకి వాలింది. తీగలు పైకి లేచిపోయాయని బ్రిడ్జి కోసేసి దాన్ని దాచారు. బ్రిడ్జి పొట్టిదైతే తీగలు పలకను సరిగ్గా నొక్కవు, నాదం లోపలే ఉండిపోతుంది. శ్రుతి పెట్టెతో మంద్ర షడ్జమం వాయించి చూస్తే అదే జరిగింది. పక్కగదిలోకి కూడా సరిగ్గా వినబడలేదు.

మెడ ఊడదీసి మళ్ళీ కూర్చోబెట్టడం ఖరీదైన పని. కానీ మా రిపేరు ఆయన ఇంకో దారి చెప్పారు. ఫింగర్ బోర్డు తీసి, దాని కింద మెడ పొడవునా సన్నగా మొదలై బ్రిడ్జి వైపు మందంగా అయ్యే చెక్క పట్టీ పెట్టి, మళ్ళీ అంటించడం. దాంతో బోర్డు పైకి లేస్తుంది, సరైన ఎత్తు బ్రిడ్జి పెట్టొచ్చు. మెడ కాస్త లావవుతుంది, కానీ పట్టుకుంటే తేడా పెద్దగా తెలియదు. కొత్త బ్రిడ్జి, లోపల రెండు పలకల మధ్య నిలబెట్టే సౌండ్ పోస్ట్ అనే పుల్ల, ఒక బిరడా రంధ్రానికి బుష్ వేయడం, తీగలు అన్నీ కలిపి 9,000 అన్నారు. ఆ లెక్క చూపించి అడిగితే, చివరికి వయొలిన్ 20,000కి ఇచ్చారు. మొత్తం 29,000.

వెనక పలకలో సౌండ్ పోస్ట్ నిలబడే చోట బీట ఉండి ఉంటే నేను ఏ ధరకీ తీసుకునేవాణ్ణి కాదు. అక్కడి బీటని సరిగ్గా బాగుచేయాలంటే లోపల చెక్క తీసి కొత్త ముక్క పొదగాలి, ఆ ఖర్చు ఇలాంటి వయొలిన్‌కి గిట్టదు. అలాగే అతుకుల దగ్గర గాజులా మెరిసే జిగురు కనబడితే అనుమానించాలి. వయొలిన్‌కి వాడేది జంతువుల తోలు నుంచి తీసే, వేడి నీటితో ఊడివచ్చే వజ్రం జిగురు. ఎవరో ఆరల్‌డైట్ పూసి ఉంటే మళ్ళీ తెరిచేటప్పుడు చెక్క కూడా ఊడి వస్తుంది.

వాడకంలో ఎలా ఉందంటే, బాగుంది. మధ్య, తార స్థాయిలు ఎక్కడా బెసగవు. గమకంలో వేలు జారిస్తే మాట స్పష్టంగా వస్తుంది. బోర్డు నల్లరంగు వేసిన మామూలు చెక్క కాదు, నల్లచేవ చెక్కే. వేళ్ళకి నలుపు అంటలేదు. మంద్రంలో మాత్రం బొంగురు ఉంది. మా అమ్మాయి ఐదు కట్టై శ్రుతిలో, అంటే ఎత్తు శ్రుతిలో వాయిస్తుంది కాబట్టి ఇబ్బంది లేదు. ఒకటిన్నర కట్టైకి దించి గురువుగారు వాయించి చూసినప్పుడు లావు తీగ వదులై మాట మొద్దుబారింది. అందుకే కొనేటప్పుడు పిల్ల వాయించే శ్రుతిలోనే పెట్టి వినాలి, దుకాణంలో పెట్టి ఉన్న శ్రుతిలో కాదు.

చెన్నై గాలితోనే ఎక్కువ టెన్షన్. అక్టోబరు, నవంబరు వానల్లో బిరడాలు ఉబ్బి కదలవు, ఏసీ గదిలో పెడితే జారిపోతాయి. ఒక వేసవిలో వెనక పలక అంచు, ఛాతీకి ఆనే వైపు, కాస్త విడిపోయి ఝుమ్మని పలికింది. కూర్చుని వాయించే మన పద్ధతిలో చెమట పడేది అక్కడే. వేలితో అంచు చుట్టూ తట్టుకుంటూ పోతే విడిన చోట చప్పుడు బోలుగా మారుతుంది. అలా పట్టుకున్నాం. అతుకు వేయడానికి పెద్దగా ఖర్చు కాలేదు. పాదం మీద ఆనే స్క్రోల్ పక్కన వార్నిష్ కూడా పోయింది. ఇక్కడి పాత వయొలిన్లలో అది మామూలే, దానికి ధర తగ్గించమని అడగక్కర్లేదు.

కొత్త చైనా వయొలిన్ 8,000కి వస్తుంది కదా అని అడిగేవాళ్ళకి: మొదటి ఏడాదికి అది చాలు, బ్రిడ్జి బిరడాలు సరిచేయించుకుంటే. వర్ణాలకి వచ్చాక ఇలాంటిది చూసుకోవచ్చు. బేస్ బార్ వేరుగా అంటించి, బీటలు లేకుండా ఉంటే రిపేరుతో కలిపి 30,000 దాకా పెట్టొచ్చని నా లెక్క. గీసిన పర్ఫ్లింగ్, పలకలోనే చెక్కిన బార్ ఉంటే అందులో సగానికి మించి ఇవ్వను, కాగితం మీద ఎవరి పేరున్నా. మాదానికి ఇప్పుడు షడ్జమం తీగ కింద బోర్డులో వేలు నడిచిన గాడి పడింది. ఈ డిసెంబరు కచేరీల సీజన్ అయ్యాక దాన్ని చదును చేయించాలి.