స్కాన్ పీడీఎఫ్ చదవడానికి ఏది మేలు: నిలువుగా నిండు పేజీనా, అడ్డంగా సగం పేజీనా?

మా బాపు హన్మకొండలో తెలుగు పంతులుగా పనిచేసి రిటైరయ్యారు. ఆయన దగ్గరున్న టీకా తాత్పర్యాల పద్యకావ్యం ముట్టుకుంటే పొడి రాలుతోంది. అదే పుస్తకం స్కాన్ పీడీఎఫ్ దొరికితే ఆరు అంగుళాల ఈ-ఇంక్ రీడర్‌లో వేసి ఇచ్చాను. పది నిమిషాలకే పిలిచారు. "అరే, ఇది 'ద'నా 'ధ'నా? కింద గీత ఉందో లేదో తెలుస్తలేదురా."

స్కాన్‌లో ఉండేది అక్షరాలు కాదు, పేజీ ఫొటో. ఫాంట్ పెంచడం కుదరదు. నేను వాడుకున్నవి రెండే: అంచులు కత్తిరించడం, మిగిలినదాన్ని తెరకు ఎలా సరిపెట్టాలో ఎంచుకోవడం. స్కేలు పట్టుకుని కొలిచాను. పేజీ 14 సెం.మీ. వెడల్పు, 21.5 పొడవు. అందులో అచ్చు ఉన్న భాగం 10.5 వెడల్పు, 16.5 పొడవు. తెర 9.1 వెడల్పు, 12.2 పొడవు.

ఏమీ కత్తిరించకుండా పేజీ మొత్తం చూపిస్తే, పొడవు పట్టడం కోసం అంతా 0.57 వంతుకు కుదించుకుపోతుంది. టీకాలో 2 మి.మీ. ఉన్న అక్షరం 1.1 అవుతుంది. బాపుకు 'ధ' కింది గీత కనబడకపోవడానికి కారణం ఇదే.

అంచులు కత్తిరించి, నిలువుగానే పేజీ మొత్తం పట్టేలా పెడితే 0.74 వస్తుంది. అక్షరం 1.5 మి.మీ. ఇది నాకు సరిపోతుంది. పద్యం, దాని కింద టీకా, తాత్పర్యం ఒక్క చూపులో ఉంటాయి. పద్యం చూస్తూ కిందికి దిగి అర్థం చూసుకునేవాళ్లకు ఇదే మేలు.

నిలువుగా వెడల్పుకు సరిపెట్టడం మాత్రం వద్దనే అంటాను. అక్షరం కొంచెం పెరిగి 1.7 అవుతుంది కానీ, పేజీ 14.3 సెం.మీ. అయి తెర దాటుతుంది. మిగిలిన 2 సెం.మీ. కోసం ముందుకు నొక్కితే, తెర పేజీ అడుగుకు ఆనుకుని ఆగుతుంది, చదివేసిన వరుసలే మళ్లీ ముందుకొస్తాయి. ఎక్కడ ఆపామో ప్రతి పేజీలో వెతుక్కోవాలి.

బాపు కళ్లకు సరిపోయింది రీడర్‌ను అడ్డం తిప్పి వెడల్పుకు సరిపెట్టడం. ఇప్పుడు వెడల్పు 12.2, అంటే 1.16 రెట్లు. అక్షరం 2.3 మి.మీ., అసలు పుస్తకం కంటే పెద్దది. కాకపోతే పేజీ పొడవు 19.2 అవుతుంది. తెర ఎత్తు 9.1 కాబట్టి రెండు తెరలకు 18.2. ఆ ఒక్క సెంటీమీటర్ కోసం మూడో తెర, మళ్లీ అదే వెతుకులాట. అందుకని పైనున్న పుస్తకం పేరు వరుసను, కింది పేజీ నంబర్‌ను కూడా కత్తిరించాను. అచ్చు పొడవు 15.2కి తగ్గింది, పెరిగాక 17.7. పేజీకి సరిగ్గా రెండు తెరలు. ఈ సైజు రీడర్‌లో కత్తిరించిన భాగం పొడవు వెడల్పుకు ఒకటిన్నర రెట్ల కంటే కాస్త తక్కువ ఉండేలా చూసుకుంటే చాలు, రెండు తెరల్లో పడుతుంది.

కత్తిరింపు నేను కోరీడర్ అనే పుస్తకాలు చదివే యాప్‌లో చేశాను. `Page Crop`లో `auto` పెడితే ఈ స్కాన్‌కు పని చేయలేదు. బైండింగ్ దగ్గరి నల్లటి నీడను, మూలనున్న లైబ్రరీ ముద్రను కూడా అచ్చు కిందే లెక్కేసింది. పైగా ప్రతి పేజీని విడిగా కొలుస్తుంది కాబట్టి అక్షరం సైజు పేజీ పేజీకి మారింది. `manual` పెట్టి గడి నేనే గీశాను. చివరి వరుస కింద కొంచెం ఖాళీ వదలాలి. అక్షరాల అడుగుకు ఆనించి గీస్తే ఒత్తులు తెగిపోతాయి, 'అన్న' కాస్తా 'అన' అవుతుంది.

ఎడమ పేజీకి, కుడి పేజీకి అంచులు వేరు కాబట్టి పక్కపక్క పేజీల్లో రెండుసార్లు గీయాలి. ఒకటి సరి పేజీలన్నిటికీ, రెండోది బేసి పేజీలన్నిటికీ వర్తిస్తుంది. నేను ఇక్కడే దెబ్బతిన్నాను. పుస్తకం మధ్యలో వరుసల మొదటి అక్షరాలు మాయమవుతున్నాయని బాపు చెప్పారు. స్కాన్ చేసినప్పుడు ఒక పేజీ జారిపోయింది. ఫైల్‌లో లెక్క మారి, అక్కడి నుంచి ఎడమ పేజీల గడి కుడి పేజీల మీద పడుతోంది. రెండు స్థానాలూ కలిసొచ్చేలా 11.1 సెం.మీ. వెడల్పున ఒకే గడి గీసి, రెండింటికీ అదే ఇచ్చాను. అక్షరం 2.2 మి.మీ.కి తగ్గింది కానీ వరుసలు తెగడం ఆగింది. గడి గీశాక మొదట్లో, మధ్యలో, చివర్లో నాలుగైదు పేజీల చొప్పున తిప్పి చూస్తే ఇలాంటిది ముందే దొరుకుతుంది.

అడ్డం పెడితే ఒక్కోసారి పద్యం రెండు పాదాలు పై తెరలో, రెండు పాదాలు కింది తెరలో పడతాయి. బాపుకు పద్యాలు నోటికి వచ్చు, ఆయనకు కావాల్సింది టీకా, అందుకే అడ్డంగానే చదువుతున్నారు. నేను కాజీపేట నుంచి సికింద్రాబాద్ రైల్లో అదే పుస్తకాన్ని నిలువుగా, నిండు పేజీగా చదువుతున్నాను.