సగటు మీద 10 శాతమా, 1.645 సిగ్మానా: ఏది మేలు?

సరుకు ఎంత తెప్పించాలన్న లెక్కలో సగటు మీద ఓ 10 శాతం కలుపుకుంటే చాలదా, మధ్యలో ఈ ప్రాబబిలిటీ గొడవెందుకు అని ఎంతమంది అడిగారో లెక్కలేదు. చాలదు. ఎందుకో చూద్దాం.

రెండు పాల బూత్‌లు ఉన్నాయనుకోండి. ఒకటి అపార్ట్‌మెంట్ల మధ్య, ఇంకోటి బస్టాండ్ దగ్గర. రెండింట్లోనూ సగటున రోజుకు 200 ప్యాకెట్లు అడుగుతారు, డిమాండ్ నార్మల్ డిస్ట్రిబ్యూషన్‌లోనే ఉంటుంది, అంటే సగటు చుట్టూ గంట ఆకారంలో పరుచుకుంటుంది. కాకపోతే అపార్ట్‌మెంట్ల దగ్గర వచ్చేది రోజూ అవే ఇళ్లవాళ్లు కాబట్టి సిగ్మా, అంటే డిమాండ్ సగటుకు అటూ ఇటూ ఎంత ఊగుతుందన్న కొలత, 10, బస్టాండ్‌లో 30.

10 శాతం పద్ధతిలో రెండు చోట్లా 220 దింపుతాం. అపార్ట్‌మెంట్ల దగ్గర అది సగటుకు రెండు సిగ్మాల పైన, అంటే నూటికి దాదాపు 98 రోజులు సరిపోతుంది. బస్టాండ్‌లో మాత్రం సిగ్మాలో మూడింట రెండు వంతులే, అంటే నాలుగు రోజుల్లో ఒకరోజు ఖాళీ చేతులతో పంపాల్సిందే.

అదే "95 శాతం రోజులు సరిపోవాలి" అని నియమం పెట్టుకుని, రోజు డిమాండ్‌ను D, దింపే ప్యాకెట్లను x, సగటును μ, సిగ్మాను σ అంటే:

P(D ≤ x) ≥ 0.95

దీన్ని సగటు తీసేసి సిగ్మాతో భాగిస్తే స్టాండర్డ్ నార్మల్ పట్టికలో 0.95కి ఎదురుగా ఉన్న 1.645 వస్తుంది, ఇక మిగిలేది మామూలు అసమీకరణమే:

x ≥ μ + 1.645σ

అపార్ట్‌మెంట్లకు 217, బస్టాండ్‌కు 250. కుడివైపు ఉన్నది ఒట్టి అంకె కాబట్టి లీనియర్ ప్రోగ్రామ్‌లో అలాగే పెట్టేయొచ్చు. నా ఓటు దీనికే. 99 శాతం కావాలంటే 1.645 బదులు 2.326 పెట్టండి, బస్టాండ్‌కు 270 అవుతుంది, ఆ నాలుగు శాతానికి రోజూ 20 ప్యాకెట్లు ఎక్కువ దింపాలన్నమాట.

సగటు మాత్రమే దింపితే సగం రోజులు కొరతే. ఎప్పుడూ తక్కువ పడకూడదంటే నార్మల్‌కు పై హద్దు లేదు కాబట్టి ఏ అంకే చాలదు. ఈ రెండింటి గురించి ఇంతకంటే చెప్పడానికేం లేదు.

అయితే 95 శాతం అన్నది ఎన్ని రోజులు తక్కువ పడుతుందో చెబుతుంది గానీ, పడిన రోజు ఎన్ని ప్యాకెట్లు తక్కువో చెప్పదు.

అసలు దెబ్బ సిగ్మా దగ్గర తగులుతుంది. చాలామంది దాన్ని అమ్మకాల పుస్తకంలోంచి తీస్తారు, కానీ 220 దింపిన రోజు 260 మంది అడిగినా పుస్తకంలో పడేది 220యే కదా, దాంతో సగటూ సిగ్మా రెండూ తగ్గిపోతాయి. పుస్తకంలో అమ్మినదీ దింపినదీ ఒకటే అంకెగా పదే పదే కనిపిస్తుంటే జరుగుతున్నది ఇదే. పోనీ ఆ రోజుల్ని లెక్కలోంచి తీసేద్దామనుకుంటే ఇంకా ఘోరం, గిరాకీ బాగా ఉన్న రోజులే ఎగిరిపోతాయి. నేనైతే రెండు మూడు వారాలు కావాలనే 280 దాకా దింపించి, మిగిలితే మిగిలాయని, ఆ అంకెల్లోంచే సిగ్మా తీస్తాను.