చెక్కల చప్పుడు వెనకబడితే: హ్యాండ్‌బ్రేకా, ఎఫ్ఎఫ్ఎంపెగ్గా, ఆడియో సాగదీయడమా? ఏది మేలు?

అనంతపురం పల్లెల్లో చెక్కభజనను ఫోన్‌తో తీసి ఎడిటింగ్‌కు కూర్చున్నవాళ్లకు ఈ జబ్బు ఇట్టే కనబడుతుంది. మాట్లాడే మనిషి పెదవులు కాస్త తప్పినా కన్ను సర్దుకుంటుంది గానీ, చెక్కలు తగిలాక చప్పుడు ఆలస్యంగా వస్తే చిన్నపిల్లలు కూడా పట్టేస్తారు. పైగా ఆట పొద్దుండగా మొదలై, ట్యూబులైట్ల కింద ముగుస్తుంది. జబ్బు మొదలయ్యేది సరిగ్గా ఆ వెలుతురు మారే చోటే.

వెలుతురు తగ్గితే ఒక్కో ఫ్రేముకు ఫోన్ ఎక్కువసేపు ఎక్స్‌పోజర్ ఇస్తుంది. అప్పుడు సెకనుకు 30 ఫ్రేములు కుదరక 29కో 24కో దిగుతుంది. ఏ ఫ్రేము ఏ క్షణానిదో ఫైల్లో రాసే ఉంటుంది కాబట్టి ఫోన్లో చూస్తే అంతా సరిగ్గానే ఉంటుంది. కొన్ని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు మాత్రం ఆ రాత చూడకుండా, ఫ్రేములన్నిటినీ సెకనుకు 30 చొప్పున పేర్చేస్తాయి.

లెక్క వేసి చూద్దాం. 40 నిమిషాల క్లిప్పు అనుకోండి. మొదటి 25 నిమిషాలు సెకనుకు 30 ఫ్రేములు, చీకటిపడ్డాక 15 నిమిషాలు 29. మొత్తం 71,100 ఫ్రేములు. వాటిని 30 చొప్పున పేరిస్తే బొమ్మ 39 నిమిషాల 30 సెకన్లకే అయిపోతుంది. ఆడియో మాత్రం 40 నిమిషాలూ ఉంటుంది. అంటే చివర్లో 30 సెకన్ల తేడా.

చాలామంది మొదట చేసే పని ఆడియోను 39:30కు కుదించడం. నా మాట వింటే ఆ జోలికే పోవద్దు. తేడా అంతా చివరి 15 నిమిషాల్లో పుట్టింది, కుదింపు మాత్రం మొత్తం మీద పడుతుంది. అంతకుముందు చక్కగా కలిసి ఉన్న 25వ నిమిషం దగ్గర ఇప్పుడు ఆడియో దాదాపు 19 సెకన్లు ముందే వినబడుతుంది. మొదలూ చివరా కలుస్తాయి, నడుమ అంతా చెడుతుంది.

సరైన పని ఫైలునే స్థిరమైన ఫ్రేమ్ రేటుకు మార్చడం. మార్చే సాఫ్ట్‌వేర్ ఆ కాలం రాతను చదివి, ఖాళీ వచ్చిన చోట పాత ఫ్రేమునే ఇంకోసారి పెడుతుంది. మన లెక్కలో చివరి 15 నిమిషాల్లో సెకనుకు ఒకటి చొప్పున 900 ఫ్రేములు రెండుసార్లు పడతాయి. కదలికలో చిన్న కుదుపు ఉంటే ఉండొచ్చు, అడుగూ చప్పుడూ మాత్రం కలుస్తాయి.

ఒకటి రెండు క్లిప్పులే ఉంటే ఈ మార్పిడికి హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్ హాయి. కానీ అందులో ఒక గుంట ఉంది. `Fast 1080p30` అనే ప్రీసెట్ ఎంచుకుంటే పేరులో 30 ఉంది కదా అని నమ్ముతాం. అది పెట్టేది `Peak Framerate`, అంటే 30కి మించకూడదని మాత్రమే. ఫైలు మళ్లీ మారే రేటుతోనే బయటికొస్తుంది. `Video` ట్యాబులో 30 పెట్టి, `Constant Framerate` చేత్తో ఎంచుకోవాలి. `Same as source` వదిలేసినా నాకు నచ్చదు, ప్రాజెక్టు రేటుకు సరిపోని ఏ దశాంశమో రావచ్చు.

జాతర మొత్తం తీసి ముప్పై నలభై ముక్కలు తెచ్చుకుంటే మాత్రం కమాండ్‌తో నడిచే ఎఫ్ఎఫ్ఎంపెగ్‌కే నా ఓటు:

```
ffmpeg -i bhajana.mp4 -vf fps=30 -c:v libx264 -crf 17 -g 15 -c:a copy bhajana_cfr.mp4
```

`-g 15` పెడితే టైమ్‌లైన్‌లో ముందుకూ వెనక్కూ లాగడం తేలికవుతుంది. ఆడియోను ఇది ముట్టుకోదు. ఒక్క జాగ్రత్త: `-r 30` అని రాసి `-i` కంటే ముందు పెట్టారంటే అది కాలం రాతను వదిలేసి ఫ్రేములను వరసగా పేరుస్తుంది. ఎడిటర్ చేసిన తప్పే ఈసారి ఫైల్లో శాశ్వతంగా పడుతుంది. ఇక `-c copy` ఒక్కటే ఇస్తే పని నిమిషంలో అయిపోతుంది, మారేది మాత్రం ఏమీ ఉండదు.

షాట్‌కట్ ఎడిటర్ వాడేవాళ్లకు ఇవేవీ అక్కర్లేదు. ఇలాంటి ఫైలు తెరవగానే అదే మార్చమంటావా అని అడుగుతుంది. అయితే నడిమి రకం నాణ్యత ఎంచుకుంటే 40 నిమిషాల 1080 క్లిప్పు 40 జీబీ దాటుతుంది. పాత ల్యాప్‌టాప్ డిస్కుకు అది భారమే, మొదటి రకం చాలు.

మార్చే ముందు, ఫైలు వివరాలు చూపే మీడియాఇన్ఫోలో దాన్ని తెరిచి `Frame rate mode` దగ్గర `Variable` ఉందేమో చూడండి, మార్చాక `Constant` అయిందేమో చూడండి. టైమ్‌లైన్‌లో మొదటి నిమిషం చూస్తే సరిపోదు, చివరి నిమిషంలో ఒక్క చెక్క దెబ్బ చూడాలి. ఆ దెబ్బ మొదటి నిమిషంలోనూ చివర్లోనూ ఒకే మోతాదులో తప్పితే అది ఈ జబ్బు కాదు. అప్పుడు ఆడియోను ఒక్కసారి పక్కకు జరిపితే చాలు, ఫైలు మార్చే పనే లేదు.